గరాటు పెట్టినా పురుగు దొరకలేదు, ఎక్కడ తప్పు చేశాను?

ల్యాబ్_శీను_దేవరకొండ
మాది చిన్న ల్యాబ్, రక్తం తీసేది నేనే, రిపోర్టు రాసేది నేనే. పోయిన వారం సాగర్ కాలువ కింద వరి వేసే ఒక రైతు వచ్చాడు. వయసు 54. ఆరు నెలలుగా దురద, అప్పుడప్పుడు పొట్ట పైభాగంలో మంట. తెల్లకణాలు 11,000, అందులో ఇసినోఫిల్స్ 18 శాతం. కిడ్నీ జబ్బుకి స్టెరాయిడ్ మొదలుపెట్టాల్సి ఉంది, కానీ ముందు స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు ఉందో లేదో తేల్చమని డాక్టర్ పంపించాడు. మూడు రోజులు మూడు మోషన్ శాంపిళ్లు సెలైన్‌లో, అయోడిన్‌లో చూశాను. ఏమీ కనపడలేదు. అదే చెప్తే "బేర్మన్ పెట్టు" అన్నాడు. కాలేజీలో పేరు విన్నదే తప్ప నేనెప్పుడూ చేయలేదు.

సరే అని హార్డ్‌వేర్ షాపులో ప్లాస్టిక్ గరాటు కొన్నాను. కాడకి రబ్బరు ట్యూబు తొడిగి క్లిప్పు పెట్టాను. పైన టీ జాలి, అందులో గాజు గుడ్డ రెండు మడతలు, దాని మీద శాంపిల్, కింద గోరువెచ్చటి నీళ్లు. రెండు గంటలాగి కింది నుంచి నీళ్లు తీసి చూశాను. ఒక్క పురుగూ లేదు. నెగెటివ్ అని రాసేయనా? చేయి ఆడట్లేదు.

జడ్చర్ల_జంక్షన్
టీ జాలి అన్నావు చూడు, దాన్ని మళ్లీ ఇంటికి మాత్రం తీసుకెళ్లకు తమ్మీ.

పాత_నోట్సు_మల్లన్న
నెగెటివ్ అని రాసేయ్. మూడు స్మియర్లు, ఒక గరాటు, ఇంకేం కావాలి? అయినా ఆ గరాటు పద్ధతి కొంకి పురుగు కోసం కనిపెట్టింది. స్ట్రాంగిలాయిడిస్‌కి దాంతో పనేంటి?

మైక్రో_మేడం
శీనూ, ఇప్పుడే రాయకు. ముందు మూడు సంగతులు చెప్పు. శాంపిల్ ఎప్పటిది? గరాటు పెట్టేదాకా దాన్ని ఎక్కడ ఉంచావు? నీళ్ల వేడి ఎలా చూశావు?

మల్లన్న గారు చెప్పింది సగం నిజం. 1917లో జావాలో బేర్మన్ అనే డాక్టర్ దీన్ని మట్టిలో ఉండే కొంకి పురుగు పిల్లల్ని పట్టడానికే మొదలుపెట్టాడు. మట్టిలో పొదిగిన పిల్లలు కాబట్టి అక్కడ పనిచేసింది. మనిషి మలంలో కొంకి పురుగు గుడ్డుగానే బయటికి వస్తుంది. గుడ్డుకి కదలిక లేదు, గరాటులోకి నడిచి రాదు. స్ట్రాంగిలాయిడిస్ సంగతి వేరు. దాని గుడ్డు పేగు గోడలోనే పొదిగిపోతుంది, బయటికొచ్చేది బతికి కదులుతున్న పిల్ల పురుగు. అందుకే తాజా మలంలో ఈ గరాటు దానికే సరిగ్గా సరిపోతుంది.

ల్యాబ్_శీను_దేవరకొండ
మేడం, శాంపిల్ ముందు రోజు సాయంత్రం తెచ్చారు. నాకు టైం లేక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చేశాను. నీళ్ల వేడి చేతితో చూశాను, చంటిపిల్లకి స్నానం పోసేంత.

మైక్రో_మేడం
దొరికింది నీ తప్పు. ఫ్రిజ్.

ఈ పద్ధతి మొత్తం పురుగు కదలిక మీదే నిలబడి ఉంది. మనం పురుగుని వెతకడం లేదు, పురుగే తనంతట తాను నడిచి బయటికి రావాలి. రాత్రంతా చలిలో ఉంటే పిల్ల పురుగులు మొద్దుబారిపోతాయి, చాలావరకు చచ్చిపోతాయి. ఫార్మలిన్ పోసినా అంతే. మిగతా మోషన్ పరీక్షలకి ఫ్రిజ్, ఫార్మలిన్ మేలు చేస్తాయి, దీనికి మాత్రం విషం. నువ్వు గరాటు మీద పెట్టింది శవాల మూట. అది జాలి మీదే ఉండిపోయింది, కిందికి ఒట్టి నీళ్లు దిగాయి.

జడ్చర్ల_జంక్షన్
శవాల మూట, టీ జాలి. ఇంక ఈ పూటకి టీ వద్దు నాకు.

ఎంఎల్‌టీ_సెకండియర్
మేడం, పురుగు బయటికొచ్చింది సరే, కిందికే ఎందుకు దిగుతుంది? పైకి ఈదొచ్చు కదా? మా వైవాలో ఇదే అడుగుతారట.

మైక్రో_మేడం
ఈదలేదు. కదలడం వేరు, ఈదడం వేరు. ఎనిమిది అంకెలా మెలికలు తిరుగుతుంది కానీ నీళ్లలో పైకి ఎక్కేంత బలం దానికి లేదు. తడి, వెచ్చదనం తగలగానే మలంలోంచి కదిలి గుడ్డ సందుల్లోంచి నీళ్లలోకి వస్తుంది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కొట్టుకుంటూనే మెల్లగా మునిగి, గరాటు వాలు మీదుగా జారి, క్లిప్పు పైన ట్యూబులో కూడుతుంది. చెత్తేమో గుడ్డ మీదే ఆగిపోతుంది. పురుగూ చెత్తా వాటంతటవే విడిపోతాయి.

పాత_నోట్సు_మల్లన్న
స్మియర్‌లో మాత్రం ఎందుకు కనపడదు మేడం? ఉంటే కనపడాలి కదా. నేను ముప్పై ఏళ్లు స్మియర్లే చూశాను.

మైక్రో_మేడం
లెక్క వేసి చూద్దాం. ఒక స్లైడ్ మీద మనం పెట్టేది సుమారు 2 మిల్లీగ్రాములు. ఈ జబ్బు పాతబడ్డ వాళ్లలో పురుగులు చాలా తక్కువగా పడతాయి, అదీ రోజూ ఒకేలా పడవు. గ్రాముకి 10 పురుగులు ఉన్నాయనుకుందాం. 2 మిల్లీగ్రాములు అంటే గ్రాములో ఐదువందల వంతు. ఆ లెక్కన ఒక్క పురుగు కనపడాలంటే 50 స్లైడ్లు చూడాలి. శీను చూసింది మూడు రోజులకి ఆరు స్లైడ్లు అనుకుందాం. దొరకకపోవడమే మామూలు.

అదే 10 గ్రాములు గరాటులో పెడితే అందులో 100 పురుగులు. సగమే బయటికొచ్చినా 50, అవన్నీ ఒక చెంచా నీళ్లలో. స్మియర్ చూసే మనిషి కన్ను ఎంత మంచిదైనా, ఆ స్లైడ్ మీద పురుగే లేకపోతే ఏం చేస్తుంది?

పాత_నోట్సు_మల్లన్న
50 స్లైడ్లా! సరే, ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదు.

లక్కీ_మమ్మీ_సూర్యాపేట
మా బాబుకి రాత్రిళ్లు కూర్చునే చోట దురద. వాడికి కూడా ఈ గరాటు టెస్టు చేయించాలా? ఎంతవుతుంది?

మైక్రో_మేడం
వద్దమ్మా, అవి దారప్పోగులా ఉండే వేరే పురుగులు. అవి రాత్రిపూట ఆసనం చుట్టూ గుడ్లు పెడతాయి. పొద్దున లేవగానే, కడగక ముందే, అక్కడ పారదర్శకమైన టేపు అంటించి ల్యాబ్‌కి ఇస్తే చాలు. డాక్టర్‌కి చూపించు.

గొర్ల_మంద
మాకు అచ్చంపేట దిక్కు గొర్లున్నయి. దగ్గుతున్నయి, ముక్కుల నుంచి చీమిడి కారుతున్నది, పిల్లలు పారుకుంటున్నయి. గొర్రెకి కూడ ఈ స్ట్రాంగిలాయిడిస్ వస్తదని విన్న. గరాటు నేనే పెట్టుకోవచ్చా?

పశువుల_డాక్టర్_పాలమూరు
ఇక్కడొక తిరకాసు ఉంది, మంచి ప్రశ్న అడిగారు. గొర్రెలో ఉండే స్ట్రాంగిలాయిడిస్ మనిషిలోది కాదు, దాని చుట్టం. అది పెంటికల్లో లోపల పిల్ల తయారైన గుడ్డుగా పడుతుంది, పురుగుగా కాదు. అందుకే తాజా పెంటికలకి గరాటు పెడితే అది దొరకదు. పారుడికి గుడ్లు తేలే పరీక్ష వేరే చేయాలి. పేరు ఒకటే కదా అని ఒకే గరాటు కింద పెడితే మోసపోతాం.

దగ్గుకి మాత్రం గరాటు బాగా పనికొస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉండే సన్నటి తెల్ల పురుగులు గుడ్లు పెడితే, అవి దగ్గుతో గొంతులోకొచ్చి, గొర్రె మింగి, పేగులోంచి పిల్లలుగా బయటపడతాయి. గొర్రెల్లో ఈ పద్ధతిని మేం ఎక్కువగా వాడేది దీనికే. ఒక్క మాట, పెంటికలు దొడ్లో నేల మీంచి ఏరకండి. గొర్రె నుంచి నేరుగా చేతి తొడుగుతో తీయాలి. నేల మీద గంట పడి ఉన్నా మట్టిలో బతికే పురుగులు ఎక్కేస్తాయి. అవి కూడా చక్కగా నడిచి గరాటులోకి దిగుతాయి, చూసేవాడు గొర్రెకి జబ్బు అనుకుంటాడు.

గొర్ల_మంద
అదే చేసిన సార్, దొడ్లెనే ఏరిన. డబ్బాల ఉన్నయి.

పశువుల_డాక్టర్_పాలమూరు
పారేయండి. రేపు పొద్దున రెండు దగ్గే గొర్రెలవి కొత్తగా తీయండి.

బత్తాయి_తోట
మీరంతా మలం గురించి మాట్లాడుతున్నారు, నేను ఇదే పని మట్టికి చేస్తాను. హాలియా దగ్గర మాకు ఆరెకరాల బత్తాయి. చెట్లు పైనుంచి ఎండుకొస్తుంటే వేళ్ల దగ్గర మట్టి తీసి చూపించాం, బత్తాయి వేరు పట్టే నులిపురుగు బయటపడింది. అయితే అక్కడ వెచ్చటి నీళ్లు పోయలేదు, మామూలు నీళ్లే. రెండు గంటలు కాదు, రెండు రోజులు ఉంచారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మైక్రో_మేడం
మొక్కల నులిపురుగులకి మన ఒంటి వేడి అక్కర్లేదు, అవి నేల చల్లదనంలో బతికేవి. పైగా చాలా మందగొండివి, అందుకే రోజులు పడుతుంది. మనిషి పేగులోంచి వచ్చిన పురుగు 37 డిగ్రీలకి అలవాటు పడ్డది, 40 దగ్గర నీళ్లు తగిలితే చురుగ్గా కదులుతుంది.

మీ వాళ్లు గరాటు వాడారా, పళ్లెం వాడారా?

బత్తాయి_తోట
పళ్లెమే. వెడల్పు పళ్లెంలో జాలి, జాలిలో మెత్తటి కాగితం, కాగితం మీద పలచగా మట్టి.

మైక్రో_మేడం
అది మంచిది. రెండు రోజులు గరాటులో ఉంచితే కింద కాడలో గాలి అందక పురుగులు నీరసించి చస్తాయి. పళ్లెంలో నీళ్లు లోతు తక్కువ, గాలి తగులుతుంది. మనిషి శాంపిల్‌కి రెండు గంటలే కాబట్టి గరాటుతో ఇబ్బంది లేదు.

ల్యాబ్_శీను_దేవరకొండ
మేడం, నేను రేపు మళ్లీ పెడతాను. ఈసారి తప్పు జరగకూడదు. మొదటి నుంచి చెప్పండి.

మైక్రో_మేడం
ముందు ఆ ప్లాస్టిక్ గరాటు పక్కన పెట్టు. కిరోసిన్ పోసే గరాట్లకి లోపల గీతల్లా ఉబ్బులు ఉంటాయి, కొన్నిటికి మెడలో చిన్న జాలి కూడా ఉంటుంది. పురుగు జారి కిందికి రావాలంటే లోపల నున్నగా ఉండాలి. గాజు గరాటు తెచ్చుకో.

ట్యూబుకి క్లిప్పు పెట్టి ముందు నీళ్లు నింపు. నింపాక ట్యూబుని వేలితో నాలుగు సార్లు తట్టు. ఎక్కువ మంది మర్చిపోయేది ఇదే. కాడలో ఒక గాలి బుడగ నిలిచిందంటే అది బిరడాలా అడ్డం కూర్చుంటుంది, పురుగులు దాని పైనే ఆగిపోతాయి. నువ్వు కిందినుంచి ఒట్టి నీళ్లు తీసి నెగెటివ్ అంటావు.

వేడిని చేత్తో కాదు, థర్మామీటర్‌తో చూడు. 40 దగ్గర ఉంటే బాగుంటుంది. 45 దాటనివ్వకు.

శాంపిల్ పొద్దున్నే పోయినది కావాలి, రెండు గంటల్లోపు గరాటు ఎక్కాలి. సుమారు 10 గ్రాములు, పెద్ద ఉసిరికాయంత. గుడ్డ మీద మందంగా ముద్దలా కాకుండా పలచగా పరువు. నీటి మట్టం శాంపిల్ అడుగుకి తగలాలి, పైదాకా ముంచేయకూడదు. అడుగు తగలకపోతే పురుగుకి దారి లేదు. ముంచితే మలం కరిగి కిందికి దిగి, స్లైడ్ మీద అంతా బురదే కనిపిస్తుంది.

రెండు గంటలయ్యాక క్లిప్పు తెరిచి మొదటి 10 మిల్లీలీటర్లు మాత్రమే తీయి. సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పి, పైనీళ్లు వంచేసి, అడుగుది మొత్తం చుక్క చుక్కగా చూడు. ఒక చుక్క చూసి వదిలేస్తే మళ్లీ స్మియర్ కథే.

పాత_నోట్సు_మల్లన్న
వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా వస్తాయి కదా? నేనైతే 60 పెడతాను.

మైక్రో_మేడం
60లో అవి రావు, ఉడుకుతాయి.

పశువుల_డాక్టర్_పాలమూరు
శీనూ, గాజు గరాటు దొరక్కపోతే ఇంకో దారి ఉంది. కింద సన్నగా కోసుగా ఉండే పొడుగాటి గాజు గ్లాసు తీసుకో. శాంపిల్‌ని గుడ్డలో మూటకట్టి, మూట ముడికి ఒక పుల్ల గుచ్చి గ్లాసు అంచుల మీద అడ్డంగా పెట్టి నీళ్లలో వేలాడదీయి. క్లిప్పు లేదు, కారడం లేదు. తర్వాత అడుగు నుంచి పొడుగు డ్రాపర్‌తో పీల్చు. క్యాంపులకి వెళ్లినప్పుడు నేను ఇలాగే చేస్తాను.

జడ్చర్ల_జంక్షన్
అలాంటి గ్లాసులు వైన్ షాపు పక్కన పర్మిట్ రూములో దొరుకుతాయి సార్. తిరిగి ఇవ్వకూడదని మాత్రం రాసి పెట్టండి.

వలస_బిడ్డ
ఒక విషయం అడగాలి. మా నాయన నారాయణపేట దగ్గర ఊర్లో కూలీ. ఇరవై ఏళ్ల కింద బొంబాయి వలస పోయి, అప్పటి నుంచి పొలంలో అడుగు పెట్టలేదు. పోయిన ఏడు ఆయాసానికి స్టెరాయిడ్ వాడుతుంటే సీరియస్ అయింది. కఫంలో ఈ పురుగు దొరికిందన్నారు. దేవుడి దయ, బతికిండు. పొలం వదిలి ఇరవై ఏళ్లయింది కదా, పురుగు ఎక్కడి నుంచి వచ్చింది? బొంబాయిలో పట్టిందా?

మైక్రో_మేడం
బొంబాయిలోనే పట్టాలని లేదు, ఊరి నుంచి వెంట తీసుకెళ్లి ఉండొచ్చు. మిగతా పేగు పురుగులు కొన్నేళ్లకి ముసలివై పోతాయి. ఇది అలా కాదు. పిల్ల పురుగుల్లో కొన్ని బయటికి పోకుండా పేగులోనే ఎదిగి, పేగు గోడలోంచో ఆసనం దగ్గర చర్మంలోంచో మళ్లీ అదే మనిషిలోకి దూరతాయి. అలా పదుల ఏళ్లు నడుస్తుంది, ఇసినోఫిల్స్ కొంచెం పెరగడం తప్ప బయటికి పెద్దగా కనపడదు. స్టెరాయిడ్ పడితే ఆ లోపలి చక్రం అదుపు తప్పి వేలకి వేలు పెరిగి ఊపిరితిత్తుల దాకా పోతాయి. శీను దగ్గరికి రైతుని పంపిన డాక్టర్ ముందే తేల్చమన్నది ఇందుకే.

వలస_బిడ్డ
నాయనకి ముందు ఎవరూ ఈ టెస్టు చెప్పలేదు. సరే. శీనన్నా, నువ్వు మాత్రం వదలకు.

ల్యాబ్_శీను_దేవరకొండ
అప్‌డేట్. నిన్న పొద్దున ఆరున్నరకి పోయిన శాంపిల్ ఎనిమిదికల్లా గరాటు మీద ఉంది. నల్గొండ నుంచి గాజు గరాటు తెప్పించాను. నీళ్లు 41 డిగ్రీలు. తట్టితే నిజంగానే కాడలోంచి ఒక బుడగ వచ్చింది, మొదటిసారి కూడా అది ఉండే ఉంటుంది.

గంటకి చూస్తే గరాటులో నీళ్లు సగమే ఉన్నాయి. ట్యూబు కాడ నుంచి జారి చుక్క చుక్కగా కారిపోయింది. నేను చెప్పులేసుకుని ఉన్నాను, నీళ్లు నా కాలు మీద పడ్డాయి. మేడం, టెన్షన్‌గా ఉంది. చర్మంలోంచి దూరుతుందట కదా?

జడ్చర్ల_జంక్షన్
ఇప్పుడు నీ శాంపిల్ కూడా గరాటు ఎక్కాల్సిందే.

మైక్రో_మేడం
ముందు సబ్బుతో కడుక్కున్నావా? తాజా మలంలో పడేది చాలావరకు చర్మంలోకి దూరే దశ కాదు. ఆ దశకి రావడానికి బయట ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండు గంటల లోపు శాంపిల్ కాబట్టి ప్రమాదం చాలా తక్కువ. అయినా సున్నా అనలేను, ఈ పురుగు కొందరిలో పేగులోనే ఎదుగుతుందని పైన చెప్పాను కదా. ఇక నుంచి చేతికి తొడుగులు, కాలికి మూసి ఉండే బూట్లు. గరాటు కింద ఒక ట్రే. అయిపోయాక గరాటు, గుడ్డ, ట్యూబు మొత్తం మరిగే నీళ్లలో పడాలి. నిన్నటి శాంపిల్ డబ్బా మూలన పడి ఉంటే భయపడాల్సింది దానికి.

ల్యాబ్_శీను_దేవరకొండ
కడుక్కున్నాను మేడం. మూలన ఒక డబ్బా ఉండింది, ఇప్పుడే మరగబెట్టాను.

ట్యూబుకి దారం చుట్టి బిగించి, నీళ్లు మళ్లీ పోసి, ఇంకో రెండు గంటలు ఉంచాను. 10 మిల్లీలీటర్లు తీసి తిప్పాను. మొదటి చుక్కలో ఏమీ లేదు. రెండో చుక్కలో అంచున ఏదో వెంట్రుక ముక్క అనుకున్నాను, అది కొరడాలా విదిలించుకుంది! ఒక్క క్షణం కుర్చీలోంచి లేచాను. అడుగుది మొత్తం చూస్తే ఆరు. మిగతా శాంపిల్‌ని సాయంత్రం దాకా అలాగే ఉంచి మళ్లీ తీస్తే ఇంకో పదకొండు.

ఎంఎల్‌టీ_సెకండియర్
సూపర్ అన్నా! వీడియో తీశావా?

పాత_నోట్సు_మల్లన్న
పురుగు దొరికింది సరే. అది కొంకి పురుగు పిల్ల కాదని ఎలా చెప్తావు? సాయంత్రం దాకా ఉంచానన్నావు, ఈ ఎండల్లో గుడ్లు పొదిగి ఉండొచ్చు.

మైక్రో_మేడం
ఈ అనుమానం మాత్రం సరైనది మల్లన్న గారూ. అందుకే ఆ పదకొండింటిని కాసేపు పక్కన పెడదాం. పొద్దున పోయిన శాంపిల్‌లో మధ్యాహ్నంలోపు తీసిన ఆరు ఉన్నాయి కదా, కొంకి పురుగు గుడ్డు పొదగాలంటే దాదాపు ఒక రోజు కావాలి. ఫ్రిజ్ వద్దన్నాను కదా అని శాంపిల్‌ని రోజంతా ఎండలో ఉంచి పెడితే మాత్రం మీరన్నదే జరుగుతుంది, అప్పుడు రెండూ కలిసిపోతాయి.

శీనూ, ఒక చుక్క అయోడిన్ వెయ్యి, పురుగు చచ్చి నిలబడుతుంది. 40 లెన్స్‌లో నోటి దగ్గర చూడు. తల కొసన నోటి గొట్టం పొడుగ్గా, శరీరం వెడల్పంత లోతుగా ఉంటే కొంకి పురుగు. చాలా పొట్టిగా, ఉందా లేదా అన్నట్టు ఉంటే స్ట్రాంగిలాయిడిస్. తర్వాత ఒంటి మధ్యలో ఒక పక్కన గుమ్మడి గింజలా ఉండే అవయవ మొలక చూడు. స్ట్రాంగిలాయిడిస్‌లో అది పెద్దది, చప్పున కనపడుతుంది. కొంకి పురుగులో వెతికినా దొరకనంత చిన్నది.

ల్యాబ్_శీను_దేవరకొండ
ఆరింటిలో నాలుగు మంచి పొజిషన్‌లో దొరికాయి. నాలుగింటికీ నోరు పొట్టే. మధ్యలో గింజ రెండింటిలో స్పష్టంగా ఉంది, ఒకదాంట్లో ఉన్నట్టే ఉంది, ఒకటి ముడుచుకుపోయి తెలియలేదు.

మైక్రో_మేడం
చాలు. స్ట్రాంగిలాయిడిస్ అని రాయి. ఏ పద్ధతిలో, శాంపిల్ పోయిన ఎంతసేపటికి పెట్టావో కూడా రాయి.

పాత_నోట్సు_మల్లన్న
రెండూ కలిసి ఉండకూడదని ఏముంది? చెప్పుల్లేకుండా పొలంలో తిరిగే మనిషికి రెండూ పట్టొచ్చు. గరాటులో గుడ్డు రాదని మీరే అన్నారు కదా.

మైక్రో_మేడం
అవును, అది గరాటు చూపించలేదు. ఆ శాంపిల్‌లోనే కొంచెం తీసి గుడ్ల కోసం వేరే పద్ధతిలో చూడాలి. శీనూ, మల్లన్న గారి మాట విను.

పశువుల_డాక్టర్_పాలమూరు
నాదొక అడ్డుపుల్ల. ఇంత కష్టపడే బదులు అగార్ ప్లేట్ పెడితే అయిపోదా? మలాన్ని ప్లేట్ మధ్యలో పెట్టి రెండు మూడు రోజులు ఉంచితే, పురుగులు పాకిన దారుల వెంట బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది, కంటికే గీతలు కనపడతాయి. నాకు తెలిసి గరాటు కంటే అదే ఎక్కువ పట్టిస్తుంది.

మైక్రో_మేడం
చాలాసార్లు నిజమే. కానీ దేవరకొండలో ప్లేట్లు ఎవరు పోస్తారు? పైగా మూడో రోజుకి ఆ ప్లేట్ మీద ఉండేవి చర్మంలోకి దూరే దశ పురుగులే. మూత తీసేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలి? గరాటు మధ్యాహ్నానికి జవాబు చెప్తుంది. రెండూ పెట్టగలిగితే రెండూ పెట్టమంటాను.

పశువుల_డాక్టర్_పాలమూరు
ప్లేటుకి అంచు చుట్టూ టేపు వేస్తే సరిపోతుంది. నేను ఒప్పుకోను కానీ సరే.

ఎంఎల్‌టీ_సెకండియర్
మరి గరాటు నెగెటివ్ వస్తే ఇక జబ్బు లేనట్టేనా?

మైక్రో_మేడం
లేదు. ఒకరోజు పురుగు పడదు, మరుసటి రోజు పడుతుంది. కనీసం మూడు వేర్వేరు రోజులు పెట్టాలి. విరేచనం మరీ నీళ్లలా ఉన్నప్పుడు గుడ్డలోంచి అంతా కారిపోతుంది, అప్పుడు కూడా నెగెటివ్‌ని నమ్మకు. ఇంకోటి, ముందే ఆల్బెండజోల్ మింగి వస్తే పురుగులు తగ్గుతాయి కానీ జబ్బు పూర్తిగా పోదు. శీనూ, మీ రైతుని అడిగావా?

ల్యాబ్_శీను_దేవరకొండ
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. రెండు వారాల కింద మెడికల్ షాపులో అడిగి ఒక పురుగుల గోళీ వేసుకున్నాడట! మొదటి రోజే అడగాల్సింది.

గొర్ల_మంద
డాక్టర్ సారూ, కొత్త పెంటికలు తెచ్చి గ్లాసుల వేలాడదీసిన. పొద్దుగూకినంక అడుగు నీళ్లు మా ఊరి పశువుల దవాఖానల చూపెడితే పురుగులున్నయన్నరు. తల కొసన చిన్న గుండీ లెక్క ఉన్నదట.

పశువుల_డాక్టర్_పాలమూరు
గుండీ ఉంటే అది ఊపిరితిత్తుల పురుగే, అనుమానం లేదు. అక్కడే మందు రాయించుకోండి. మంద మొత్తానికి, ఒక్క దగ్గే గొర్రెకే కాదు. పారే పిల్లల సంగతి వేరే, దానికి గుడ్ల పరీక్ష అడగండి.

ల్యాబ్_శీను_దేవరకొండ
చివరి అప్‌డేట్. డాక్టర్ స్టెరాయిడ్ మొదలుపెట్టకుండా ఆపి ముందు ఐవర్‌మెక్టిన్ ఇచ్చాడు. కొంకి పురుగు గుడ్లు దొరకలేదు. మందు తర్వాత ఎన్ని రోజులకి మళ్లీ గరాటు పెట్టాలి?

పాత_నోట్సు_మల్లన్న
వారానికి పెట్టు.

మైక్రో_మేడం
వారానికి తొందరవుతుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య పెట్టు. అప్పుడు నెగెటివ్ వచ్చినా ఒక్కసారితో ఆపకు. అతని భార్య కూడా అదే పొలంలో నాట్లేస్తుంది కదా, ఆమె శాంపిల్ కూడా తెప్పించు.

ల్యాబ్_శీను_దేవరకొండ
తెప్పించాను మేడం. ఈ రోజు పదకొండింటికి కొడుకు బండి మీద తెచ్చాడు. ఎప్పటిది అని అడిగితే "నిన్న మాపటిది సార్, చెడిపోవద్దని రాత్రంత ఫ్రిజ్‌ల పెట్టి భద్రంగ తెచ్చిన" అన్నాడు.